ఇనుము ఒకటే, అయస్కాంతం ముందు రెండు తీర్లు

ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అలమార తెరిస్తే ఇనుము లవణాలు రెండు దాదాపు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి మోర్ లవణం. లేత ఆకుపచ్చ స్ఫటికాలు. పర్మాంగనేట్‌తో టైట్రేషన్ చేసినవాళ్లందరికీ పరిచయమే. మన పెద్దవాళ్లు అన్నభేది అనే ఫెర్రస్ సల్ఫేట్‌కి ఇది దగ్గరి చుట్టం. అమ్మోనియం సల్ఫేట్ తోడుండటం వల్ల గాలికి అంత తొందరగా పాడవదు, అంతే తేడా. రెండోది పొటాషియం ఫెర్రోసయనైడ్. నిమ్మపండు రంగు స్ఫటికాలు. లవణ విశ్లేషణలో ఫెర్రిక్ ఇనుముతో ముదురు నీలం రంగు తెప్పించేది ఇదే.

రెండింటిలోనూ ఉన్నది ఇనుమే. రెండింటిలోనూ దాని ఆక్సీకరణ స్థితి +2. రెండింటిలోనూ ఆ ఇనుము అయాన్‌ని ఆరు లైగాండ్లు చుట్టుముట్టి ఉంటాయి: పైన ఒకటి, కింద ఒకటి, నాలుగు పక్కలా నాలుగు. ఈ అమరికనే అష్టముఖీయం అంటారు. మోర్ లవణంలో ఆ ఆరూ నీటి అణువులు, అంటే అయాన్ [Fe(H₂O)₆]²⁺. పసుపు లవణంలో ఆరూ సయనైడ్‌లు, అంటే [Fe(CN)₆]⁴⁻.

ఇప్పుడు ఈ రెంటినీ పొడి చేసి, చెరో సన్నని గాజు గొట్టంలో నింపి, సున్నితమైన త్రాసు నుంచి వేలాడదీయాలి. గొట్టం అడుగు బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్యకు రావాలి. ఫ్రాన్స్ భౌతిక శాస్త్రవేత్త లూయీ జార్జ్ గూయ్ 19వ శతాబ్దం చివర్లో సూచించిన పద్ధతి ఇది. అందుకే ఈ పరికరాన్ని గూయ్ తుల అంటారు. డిగ్రీ, పీజీ ల్యాబ్‌లలో ఇప్పటికీ వాడుతున్నారు. అయస్కాంతాన్ని ఆన్ చేయగానే మోర్ లవణం గొట్టం కిందికి లాగబడుతుంది, త్రాసు బరువు పెరిగినట్టు చూపిస్తుంది. ఫెర్రోసయనైడ్ గొట్టం అతి కొద్దిగా పైకి నెట్టబడుతుంది, బరువు పిసరంత తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ తోపుడు ఆ లాగుడుకంటే పదుల రెట్లు బలహీనం. కానీ దిశ మాత్రం వేరు.

లోహం ఒకటే, విద్యుదావేశం ఒకటే, చుట్టూ ఉన్నవాటి సంఖ్యా ఒకటే. మరి తేడా ఎక్కడిది? వేలన్సీ బంధ సిద్ధాంతం దీనికిచ్చే జవాబు ఇనుములోని ఆరే ఆరు ఎలక్ట్రాన్ల మీద నడుస్తుంది.

ఇనుము పరమాణువులో బయటి ఎలక్ట్రాన్లు ఎనిమిది: 3d లో ఆరు, 4s లో రెండు. +2 అయాన్ అయ్యేటప్పుడు పోయేవి 4s ఎలక్ట్రాన్లు. ఇక్కడే చాలామంది విద్యార్థులు జారిపడతారు. నింపేటప్పుడు 4s ముందు నిండింది కాబట్టి తీసేటప్పుడు 3d నుంచి తీయాలనుకుంటారు. అది తప్పు. 4s ఖాళీ అవుతుంది, 3d లో ఆరూ అలాగే ఉంటాయి. 3d లో ఉన్నవి ఐదు ఆర్బిటాళ్లు. పుస్తకాల్లో వీటిని ఐదు గడులుగా గీస్తారు. ఒక్కో గడిలో గరిష్ఠంగా రెండు ఎలక్ట్రాన్లు పడతాయి. వాటి ఇష్టానికి వదిలేస్తే ముందు ఒక్కో గడిలో ఒక్కోటి చొప్పున సర్దుకుంటాయి. ఐదు గడులూ అయిపోయాక మిగిలిన ఆరోది తప్పక ఒకదానితో జతకడుతుంది. ఒక జంట, నాలుగు విడి ఎలక్ట్రాన్లు.

అయస్కాంతానికి స్పందించేది ఆ విడివాటి వల్లే. ప్రతి ఎలక్ట్రాన్ స్పిన్ వల్ల ఓ చిన్న అయస్కాంతంలా ఉంటుంది. ఒకే గడిలోని ఇద్దరి స్పిన్‌లు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. విడిగా ఉన్నదాన్ని రద్దు చేసేది లేదు. విడి ఎలక్ట్రాన్లు ఉన్న పదార్థం అయస్కాంత క్షేత్రం వైపు లాగబడుతుంది. అది పారా అయస్కాంత పదార్థం. అన్నీ జతకూడి ఉంటే మిగిలేది అన్ని పదార్థాల్లోనూ ఉండే అతి స్వల్పమైన వికర్షణే. అది డయా అయస్కాంత పదార్థం.

ఇక లైగాండ్ల సంగతి. నీరైనా సయనైడైనా ఇనుముకి తన ఒంటరి జంటను అందిస్తుంది, అంటే రెండు ఎలక్ట్రాన్లూ లైగాండ్ నుంచే వస్తాయి. ఆరు లైగాండ్లకు ఆరు జంటలు. వాటిని స్వీకరించడానికి లోహం దగ్గర ఆరు ఖాళీ ఆర్బిటాళ్లు కావాలి. అవి కూడా అష్టముఖి ఆరు మూలలకూ తిన్నగా చూసేలా ఉండాలి. ఒక s, మూడు p, రెండు d ఆర్బిటాళ్లు కలిసి సంకరకరణం చెందితే సరిగ్గా అలాంటి ఆరు వస్తాయని లైనస్ పౌలింగ్ 1931లో రాసిన వ్యాసంలో చూపించాడు. ఐదు d ఆర్బిటాళ్లలో ఏవో రెండు పనికిరావు. లైగాండ్లు వచ్చే అక్షాల మీదికి చాచుకుని ఉన్న dz², dx²−y² అనే రెండే కావాలి. మిగతా మూడూ అక్షాల మధ్య సందుల్లోకి చూస్తాయి, వాటితో ఈ పని కాదు.

s, p ఆర్బిటాళ్లతో చిక్కు లేదు. ఇనుము +2 లో 4s ఖాళీ, 4p మూడూ ఖాళీ. తగవంతా ఆ రెండు d ఆర్బిటాళ్లు ఎక్కడి నుంచి తేవాలన్నదే. దారులు రెండు.

మొదటి దారిలో లోపలి 3d ఎలక్ట్రాన్లను కదపరు. ఐదు గడుల్లోనూ ఎవరో ఒకరు ఉన్నారు కాబట్టి, ఖాళీల కోసం బయటి పొరలోని 4d దగ్గరికి వెళ్తారు. 4s, మూడు 4p, రెండు 4d కలిసి sp³d² అవుతుంది. ఇది బాహ్య ఆర్బిటాల్ సంశ్లిష్టం. 3d లోని నాలుగు విడి ఎలక్ట్రాన్లు అలాగే ఉండిపోతాయి. నీరు పట్టుకున్న ఇనుముకి ఈ సిద్ధాంతం గీసే బొమ్మ ఇదే.

రెండో దారిలో 3d ఎలక్ట్రాన్లను సర్దుబాటు చేస్తారు. ఆరు ఎలక్ట్రాన్లూ మూడు గడుల్లో మూడు జంటలుగా ఇరుక్కుంటాయి. రెండు 3d గడులు ఖాళీ అవుతాయి. ఆ రెండూ, 4s, మూడు 4p కలిసి d²sp³ అవుతుంది. ఇది అంతర ఆర్బిటాల్ సంశ్లిష్టం. విడి ఎలక్ట్రాన్ ఒక్కటీ మిగలదు. సయనైడ్ పట్టుకున్న ఇనుముది ఈ స్థితి.

రాతలో d ముందుందా వెనకుందా అన్నది అలంకారం కాదు. d²sp³ లో d ముందుంది, అంటే అది 4s కంటే లోపలి పొరది. sp³d² లో వెనకుంది, అంటే అదే పొరది. ఆకారం మాత్రం రెంటిదీ అష్టముఖే. అందుకే అణువు ఆకారం చూసి ఇది లోపలిదా బయటిదా అని చెప్పలేం. అడగాల్సింది త్రాసుని.

త్రాసు ఇచ్చే జవాబు సంఖ్య రూపంలో ఉంటుంది. దాన్ని అయస్కాంత భ్రామకం అంటారు, బోర్ మాగ్నెటాన్లలో కొలుస్తారు. విడి ఎలక్ట్రాన్లు n ఉంటే, వాటి స్పిన్ వల్ల మాత్రమే వచ్చే భ్రామకం μ = √n(n+2). ఒకటుంటే 1.73, రెండుంటే 2.83, మూడుంటే 3.87, నాలుగుంటే 4.90, ఐదుంటే 5.92. ఈ ఐదు అంకెలూ రెండో సంవత్సరం ఇంటర్ పిల్లలకు నోటికొచ్చు. నోటికి రావడంతో ఆగిపోతే మాత్రం అసలు కొలత చేతికొచ్చిన రోజున ఇబ్బంది తప్పదు. ఎందుకో మోర్ లవణంతోనే చూద్దాం.

ఈ లవణం స్వచ్ఛంగా దొరుకుతుంది, దాని అయస్కాంత గుణం బాగా తెలిసినది; గూయ్ తులను సరిచూసుకోవడానికి కూడా వాడతారు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గ్రాముకు దాని అయస్కాంత గ్రాహ్యత, పాత సీజీఎస్ ప్రమాణాల్లో, 32.3×10⁻⁶. మోలార్ ద్రవ్యరాశి 392. రెంటినీ గుణిస్తే మోల్‌కి గ్రాహ్యత 0.01266. దీన్ని పరమ ఉష్ణోగ్రత 293తో గుణిస్తే 3.71. దాని వర్గమూలం 1.93. చివరగా 2.828 అనే స్థిరాంకంతో గుణిస్తే వచ్చేది సుమారు 5.45 బోర్ మాగ్నెటాన్లు.

ఇప్పుడు ఈ 5.45ని పై జాబితాలో వెతకండి. లేదు. 4.90కి 5.92కి మధ్యలో ఉంది. పైగా లెక్కకట్టి చూస్తే 5.92కే కొంచెం దగ్గర. దగ్గరున్న అంకెను పట్టుకుంటే ఐదు విడి ఎలక్ట్రాన్లు అని రాయాల్సి వస్తుంది. అది అసాధ్యం, ఎందుకంటే ఇనుము +2 లో ఉన్నవి ఆరు d ఎలక్ట్రాన్లు. జతలు పోను మిగిలేవి సున్నా, రెండు, నాలుగు మాత్రమే కాగలవు. సరి సంఖ్యలోంచి జతలు తీసేస్తే బేసి మిగలదు కదా. కాబట్టి నాలుగే. d ఎలక్ట్రాన్ల సంఖ్య సరా బేసా అని ముందు చూసుకోవడం అనే ఈ చిన్న తనిఖీ, నా లెక్కలో, సూత్రం కన్నా ఎక్కువ పనికొస్తుంది. ఏ పుస్తకమూ దీన్ని పెద్దక్షరాల్లో ఎందుకు అచ్చు వేయదో తెలియదు.

మిగిలిన అర మాగ్నెటాన్ సంగతేమిటి? పై సూత్రం స్పిన్‌ని మాత్రమే లెక్కేస్తుంది. ఎలక్ట్రాన్ కేంద్రకం చుట్టూ తిరిగే కదలిక వల్ల కూడా కొంత అయస్కాంతత్వం వస్తుంది. చాలా సంశ్లిష్టాల్లో లైగాండ్లు ఆ కదలికను అణచేస్తాయి. కొన్నింట్లో పూర్తిగా అణగదు. నాలుగు విడి ఎలక్ట్రాన్లున్న d⁶ అష్టముఖీయాలు అలాంటివే. ఇనుము +2 వైనా కోబాల్ట్ +3 వైనా 4.90 మీద కొంత అదనంగా చూపిస్తాయి. ఫెర్రిసయనైడ్ [Fe(CN)₆]³⁻ కూడా ఇలాగే తికమక పెడుతుంది. దాని భ్రామకం సుమారు 2.3. ఒక విడి ఎలక్ట్రాన్‌కి 1.73, రెండింటికి 2.83, మళ్లీ నట్టనడుమ. అక్కడ d ఎలక్ట్రాన్లు ఐదు, బేసి. కాబట్టి రెండు కుదరదు, ఒకటే. ఐదు ఎలక్ట్రాన్లు మూడు గడుల్లో సర్దుకుంటే రెండు జంటలు పోను ఒకటి మిగులుతుంది, రెండు 3d గడులు ఖాళీ. అంటే అంతర ఆర్బిటాల్ సంశ్లిష్టం. లెక్క కుదిరింది.

కొలతలో మోసం జరిగే చోట్లు కూడా తెలిసి ఉండాలి. పొడిని గొట్టంలో సమంగా కూరకపోతే, మధ్యలో గాలి సందులు మిగిలితే అంకె మారిపోతుంది. మోర్ లవణం బదులు పాత అన్నభేది వాడితే ఇంకో ప్రమాదం. గాలి తగిలి దాని మీద గోధుమ రంగు పొర కడుతుంది, అది +3 ఇనుము. సల్ఫేట్, నీళ్ల మధ్య ఉండే +3 ఇనుములో విడి ఎలక్ట్రాన్లు ఐదు. కొలత అసలు ఉండాల్సిన దానికన్నా పెరుగుతుంది. రంగు చూసి ముందే పసిగట్టాలి. డయా అయస్కాంత లవణాలకైతే మురికి మరీ ద్రోహం చేస్తుంది. ఫెర్రోసయనైడ్ వికర్షణ ఎంత చిన్నదంటే, గరిటె నుంచి రాలిన ఇనుప రజను పిసరంత చాలు దాన్ని ఆకర్షణగా మార్చేయడానికి.

ఇదే ఇనుము +2, ఇవే ఆరు ఎలక్ట్రాన్లు మన నెత్తుట్లోనూ ఉన్నాయి. 1936లో పౌలింగ్, అతని సహచరుడు చార్ల్స్ కొరియెల్ కలిసి హిమోగ్లోబిన్‌ని అయస్కాంతం ముందు పెట్టారు. ఆక్సిజన్ పట్టుకోని హిమోగ్లోబిన్‌లో ఒక్కో ఇనుముకి వాళ్లకు వచ్చిన భ్రామకం 5.46. మోర్ లవణం అంకెకు దాదాపు అచ్చు గుద్దినట్టు సరిపోయింది. నాలుగు విడి ఎలక్ట్రాన్లు. అదే హిమోగ్లోబిన్ ఆక్సిజన్ పట్టుకోగానే భ్రామకం సున్నా. గాలిలోని ఆక్సిజన్ అణువుకి సొంతంగా రెండు విడి ఎలక్ట్రాన్లు ఉంటాయి. నాలుగున్న ఇనుమూ రెండున్న ఆక్సిజనూ కలిస్తే ఒక్కటీ మిగల్లేదు! ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తానికీ, కండరాల నుంచి తిరిగొచ్చే రక్తానికీ అయస్కాంత స్వభావమే వేరన్న మాట. 1990లో జపాన్ శాస్త్రవేత్త సైజీ ఒగావా బృందం దీన్నే ఆసరాగా తీసుకుని, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో ఎమ్మారై బొమ్మల్లో చూసే మార్గం వేసింది.

పౌలింగ్ దీన్ని మన రెండు దారుల బొమ్మతోనే వివరించాడు. అయితే ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఆక్సిజన్ లేనప్పుడు ఆ ఇనుము చుట్టూ ఉన్నవి ఆరు కాదు, ఐదే. ఆరో చోటు ఆక్సిజన్ కోసం ఖాళీగా ఉంటుంది. రెండోది ఇంకా లోతైనది. భ్రామకం సున్నా అయితే ఎలక్ట్రాన్లన్నీ ఇనుము గడుల్లోనే జతకూడాయని అనుకోవాల్సిన పని లేదు. ఇనుము మీద ఒక విడి ఎలక్ట్రాన్, పక్కనే ఆక్సిజన్ మీద ఇంకొకటి ఉండి, అవి ఎదురు స్పిన్‌లతో ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నా త్రాసు సున్నానే చూపిస్తుంది. ఆక్సీహిమోగ్లోబిన్‌లో నిజంగా ఇలాగే ఉందని 1964లో జోసెఫ్ వైస్ వాదించాడు. ఈ చర్చ ఇంకా పూర్తిగా తెగలేదు. త్రాసు చెప్పేది మొత్తం మీద ఎన్ని విడిగా మిగిలాయని మాత్రమే, అవి ఏ గడిలో ఉన్నాయని కాదు.

ఇక పరీక్షల్లో అడిగే ప్రశ్నకు వద్దాం. ఫలానా సంశ్లిష్టం అంతర ఆర్బిటాలా, బాహ్య ఆర్బిటాలా? దాని భ్రామకం ఎంత? ఈఏపీసెట్ దగ్గర్నుంచి పెద్ద పరీక్షల దాకా ఇది అడగని ఏడు ఉండదు. నాలుగు సెకన్లలో జవాబు గుర్తించడం పిల్లలకు నేర్పుతారు. ఆ తొందరలో మరుగున పడిపోయే విషయం ఒకటుంది: కొన్ని చోట్ల ఈ ప్రశ్నకు సిద్ధాంతం నిజంగా జవాబు చెప్తుంది, కొన్ని చోట్ల చెప్పలేదు.

చెప్పగలిగేవి ఇవి. d ఎలక్ట్రాన్లు మూడు లేదా అంతకన్నా తక్కువైతే, ఐదు గడుల్లో రెండు ఎలాగూ ఖాళీ. ఎవర్నీ సర్దాల్సిన పని లేదు. లైగాండ్ ఏదైనా అంతర ఆర్బిటాలే. క్రోమియం +3 ఇలాంటిది. నీరు పట్టుకున్నా అమ్మోనియా పట్టుకున్నా మూడు విడి ఎలక్ట్రాన్లు, 3.87కి దగ్గర భ్రామకం. అటువైపు చివర నికెల్ +2 ఉంది. ఎనిమిది ఎలక్ట్రాన్లు. ఎంత ఇరికించినా నాలుగు గడులు కావాలి, ఖాళీ అయ్యేది ఒక్కటే. రెండు దొరకవు. కాబట్టి అష్టముఖీయ నికెల్ +2 ఎప్పుడూ బాహ్య ఆర్బిటాలే, విడి ఎలక్ట్రాన్లు రెండే. ఇక్కడ లైగాండ్ బలమా బలహీనమా అని అడగనక్కర్లేదు. కాగితం మీద గడులు గీస్తే చాలు.

నాలుగు నుంచి ఏడు ఎలక్ట్రాన్ల వరకు రెండు దారులూ తెరిచే ఉంటాయి. అందులో ఏడు ఉన్న కోబాల్ట్ +2 కథ ఇబ్బందికరం. మూడు గడుల్లో పట్టేది ఆరే కాబట్టి, అంతర ఆర్బిటాల్ కావాలంటే ఏడోదాన్ని పై శక్తి స్థాయికి తరిమెయ్యాలి. మిగిలిన నాలుగు, ఐదు, ఆరు ఎలక్ట్రాన్ల దగ్గర లైగాండ్ ఎవరన్నదాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. సయనైడ్ బలమైనది, జతకట్టిస్తుంది. ఫ్లోరైడ్, నీరు బలహీనమైనవి, కట్టించవు. అలా నేర్పుతారు.

ఈ సూత్రాన్ని కోబాల్ట్ +3 మీద ప్రయోగించి చూడండి. దానిలోనూ ఆరు d ఎలక్ట్రాన్లే, మన ఇనుము +2 లాగే. ఫ్లోరైడ్‌తో [CoF₆]³⁻ పారా అయస్కాంతం, నాలుగు విడి ఎలక్ట్రాన్లు. అమ్మోనియాతో [Co(NH₃)₆]³⁺ డయా అయస్కాంతం. ఇంతవరకు చక్కగా ఉంది. ఇప్పుడు నీరు. [Co(H₂O)₆]³⁺. నీరు బలహీనం, ఇనుముతో నాలుగు విడి ఎలక్ట్రాన్లు వదిలింది, కాబట్టి ఇక్కడా 4.90 అని రాస్తే తప్పు. ఈ అయాన్ డయా అయస్కాంతం. ఎలక్ట్రాన్ల సంఖ్య అదే, లైగాండ్ అదే, ఆకారం అదే. అయినా ఇనుముతో ఒకలా, కోబాల్ట్‌తో ఇంకోలా ప్రవర్తిస్తుంది.

వేలన్సీ బంధ సిద్ధాంతం దగ్గర దీనికి ముందుగా చెప్పగలిగే కారణం లేదు. త్రాసు సున్నా చూపించాక అయితే లోపలి గడులు వాడుకుందన్నమాట అని వివరించగలదు. పౌలింగ్ మొదట తలపెట్టింది కూడా ఆ దిశలోనే: అయస్కాంత భ్రామకాన్ని కొలిచి, దాన్ని సాక్ష్యంగా తీసుకుని, బంధం ఏ రకమో తేల్చడం. కొలత ముందు, బొమ్మ తరవాత. మన ప్రశ్నపత్రాలు దాన్ని తలకిందులు చేసి, బొమ్మ ముందు గీయించి కొలతను ఊహించమంటున్నాయి. అలా తిప్పడానికి కావలసిన బలమైన లైగాండ్, బలహీనమైన లైగాండ్ అన్న పట్టిక ఈ సిద్ధాంతానిది కాదు. అది లైగాండ్లను వాటి రంగుల ప్రభావం బట్టి వరసగా పేర్చిన పట్టిక. 1938లో జపాన్ శాస్త్రవేత్త ర్యుతారో త్సుచిదా కూర్చాడు. దానికి అర్థం చెప్పేది స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం. దాని ప్రకారం లైగాండ్లు ఐదు d ఆర్బిటాళ్లను కింద మూడు, పైన రెండుగా విడదీస్తాయి. ఆ ఎడం ఎక్కువైతే ఎలక్ట్రాన్లు కిందే జతకడతాయి, తక్కువైతే పైకి పాకి విడిగా ఉంటాయి. లోహం మీద ఆవేశం పెరిగితే ఎడం పెరుగుతుంది. నీటి చేతిలో కోబాల్ట్ +3 కి వచ్చే ఎడం, ఇనుము +2 కి వచ్చేదానికి ఒకటిన్నర రెట్లకు పైనే. అందుకే నీరే అయినా అక్కడ జతకట్టించింది. విద్యార్థి గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, బలాబలాల పట్టిక లైగాండ్లకు మాత్రమే సంబంధించినది కాదు; ఏ లోహం, ఎంత ఆవేశం అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఈ రెండు తరగతుల పేర్ల వెనకా కొంత కథ ఉంది. పౌలింగ్ మొదట్లో జతకూడినవాటిని సమయోజనీయమనీ, విడి ఎలక్ట్రాన్లు మిగిలినవాటిని అయానికమనీ పిలిచాడు. రెండో రకంలో లోహానికీ లైగాండ్‌కీ మధ్య నిజమైన పంపకం లేదని ఆయన ఊహ. అది అందరికీ మింగుడు పడలేదు. అంతర, బాహ్య ఆర్బిటాళ్లన్న విభజనను ప్రచారంలోకి తెచ్చిన ముఖ్యమైన రచన 1952లో అమెరికాలో పనిచేస్తున్న హెన్రీ టౌబే రాసిన సమీక్ష. ఆయనకు అయస్కాంతత్వం కన్నా వేగం ముఖ్యం. ఏ సంశ్లిష్టం తన లైగాండ్లను చటుక్కున మార్చుకుంటుంది, ఏది పట్టిన పట్టు విడవదు? అంతర ఆర్బిటాళ్లు వాడుకుని, మిగిలిన మూడు 3d గడుల్లోనూ ఎలక్ట్రాన్లున్నవి మొండివని ఆయన గమనించాడు. మన రెండు లవణాలూ దానికి చక్కటి ఉదాహరణ. [Fe(H₂O)₆]²⁺ లోని నీటి అణువు ఒక్కోటి ద్రావణంలో సెకనుకు లక్షల సార్లు బయటి నీటితో చోటు మార్చుకుంటుంది. ఫెర్రోసయనైడ్ అలా కాదు. సయనైడ్ అన్న పేరు వింటేనే వణుకు పుట్టినా, ఈ లవణాన్ని ఉప్పు గడ్డకట్టకుండా అతి కొద్ది మోతాదులో కలపడానికి అనుమతిస్తున్నారంటే కారణం ఆ మొండితనమే. ఆహార సంకలితాల్లో దాని సంఖ్య 536.

బాహ్య ఆర్బిటాల్ బొమ్మకు ఇంకో బలహీనత ఉంది. 4d ఆర్బిటాళ్లు శక్తిలో చాలా పైన ఉంటాయి, బాగా వ్యాపించి ఉంటాయి. నీటి అణువుతో గట్టి బంధానికి అవి ఎంతవరకు అక్కరకొస్తాయన్నది మొదటి నుంచీ అనుమానమే. ఇవాళ లెక్కలు కట్టేవాళ్లెవరూ [Fe(H₂O)₆]²⁺ లో 4d నిజంగా పాల్గొంటోందని అనరు. sp³d² అన్నది నాలుగు విడి ఎలక్ట్రాన్లున్నాయని గుర్తుపెట్టుకోవడానికి అనువైన చీటీ. అణువు లోపలి ఫోటో కాదు.

అయినా ఈ రెండు స్థితులూ నిజమైనవే. వాటిని ఏ పేరుతో పిలిచినా ప్రకృతిలో తేడా ఉంది. ఒకే పదార్థం ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి దూకడం దానికి రుజువు. ఇనుము +2 కి రెండు ఫినాంత్రోలిన్ అణువులు, రెండు థయోసయనేట్‌లు పట్టిస్తే [Fe(phen)₂(NCS)₂] వస్తుంది. ఫినాంత్రోలిన్ ఒక్కోటి రెండేసి నైట్రోజన్‌లతో పట్టుకుంటుంది కాబట్టి ఇనుము చుట్టూ మొత్తం ఆరు నైట్రోజన్‌లు, అష్టముఖి. గది ఉష్ణోగ్రత దగ్గర దీని భ్రామకం 5 పైనే. నాలుగు విడి ఎలక్ట్రాన్లు, పాఠ్యపుస్తకం భాషలో బాహ్య ఆర్బిటాల్. చల్లబరుస్తూ పోతే చాలాసేపు ఏమీ జరగదు. సుమారు −98 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కొద్ది డిగ్రీల తేడాలోనే, భ్రామకం ఒక్కసారిగా కూలిపోతుంది. ఎలక్ట్రాన్లు జతకూడిపోయాయి. లైగాండ్ ఒక్కటీ మారలేదు. కానీ స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో చూస్తే ఇనుముకీ నైట్రోజన్‌కీ మధ్య దూరం సుమారు 0.2 ఆంగ్‌స్ట్రామ్ మేర తగ్గి కనిపిస్తుంది. మళ్లీ వేడి చేస్తే మళ్లీ పాత స్థితికే వస్తుంది. ఇలాంటి సంశ్లిష్టం మీద ప్రశ్న అడిగేవాళ్లు ఉష్ణోగ్రత కూడా రాయాల్సి ఉంటుంది.